దూదమ్మకి ఉరుమంటే భయం

హలో… ఆ, నేనే. మైపాడు ప్రేమలీలక్కని.

…

నెల్లూరు పోస్టాఫీసు నుంచి. పొద్దున పదింటికి ట్రంకాల్ బుక్ చేస్తే ఇప్పటికి కలిపినారు. బాగుండానులే, నా బాగోగులు తర్వాత అడుగుదువు. విజయభాస్కరూ, నువ్వు పంపిన కవరు అందింది.

…

చూసినాను. చూసి కవర్లోనే పెట్టేసి చేతులు కడుక్కున్నా.

…

తమాషా కాదురా. రోత పుట్టింది నాకు. పిన్నమ్మ కొడుకువని, బొమ్మల సినిమా కంపెనీలో వుండావని, నువ్వు అడిగితేనే గదా నేను రాసింది? పిల్లలకి పది చిన్న సినిమాలు, ఒక్కోటీ అయిదు నిమిషాలు, ఆదివారం ఆటకి ముందు వారానికొకటి వేస్తామంటివి. మాటలు వద్దక్కా, తెర మీద ఏం కనబడుతుందో, ఏం వినబడుతుందో అంతవరకే ట్రీట్‌మెంటు రాయమంటివి. ఇరవై కాగితాలు రాసి పంపితి. అందులో నాది ఏం మిగిల్చినారు? మబ్బుపిల్ల పేరొకటి మిగిల్చినారు, దూదమ్మ అని.

…

చిన్న మార్పులా? సరే, కాగితం నా ముందరే వుంది, చదువుతా విను. మీరు మార్చిన రెండో భాగం. 'దూదమ్మకు దేవత వరమిచ్చును. భయము పోవును.' రెండో దాంట్లోనే భయం పోతే మిగతా ఎనిమిది వారాలు పిల్లలు ఏం చూడాలి? మబ్బు షికారు పోవడమా?

…

అద్దీ, నీకే తెలవదు. నేను రాసిందాంట్లో ఆ భయమే బండిని లాగేది. ఉరుముకి జడిసి పరిగెత్తి, కురవాల్సిన చోట కురవదు దూదమ్మ. మూడో దాంట్లో ఎండబెట్టిన చేపల మీద కురిసి తిట్లు తింటుంది. అయిదో దాంట్లో దొరవారిసత్రం నారుమళ్ళు ఎదురు చూస్తావుంటే పులికాట్ సరస్సు అవతలకి పారిపోతుంది. ప్రతి వారం ఒక తప్పు చేస్తుంది, దాన్ని కొంత దిద్దుకుంటుంది, భయం మాత్రం మిగిలే వుంటుంది. అందుకే గదా పిల్లోళ్ళు మళ్ళీ ఆదివారం వచ్చేది.

…

మీ కంపెనీ యజమాని, ముదలాళి గారు అన్నారా? ఆయన అంటే నువ్వు తల ఊపినావా?

…

ఆ, ఊపుంటావు.

…

వుండు, అసలైంది అడగనీ. మెరుపునీ ఉరుమునీ ఒకేసారి ఎందుకు పెట్టినారు? అన్ని భాగాల్లోనూ అంతే. మెరిసేదీ ఢామ్మనేదీ.

…

సినిమాల్లో అట్లానే వుంటుంది, నిజమే. ఆకాశంలో వుండదు. వెలుగు ముందొస్తుంది, చప్పుడు నడిచి నడిచి వస్తుంది. మూడు లెక్కపెట్టేలోపు దాదాపు ఒక కిలోమీటరు. ఎంత దూరంలో ఉరిమితే అంత ఆలస్యం. నా కథ మొత్తం ఆ ఆలస్యం మీద నిలబడింది గదరా. మొదటి భాగంలో మెరుపుకీ ఉరుముకీ మధ్య పద్దెనిమిది లెక్క. ఒక్కో భాగానికీ రెండేసి తగ్గుతా వస్తుంది. తొమ్మిదో దాంట్లో రెండే. పదో దాంట్లో…

…

ఆ. సున్న. మెరుపూ ఉరుమూ ఒక్కసారే వస్తాయి. ఎందుకంటే ఈసారి ఉరిమింది దూదమ్మే. తొమ్మిది వారాలు ఎవుర్ని చూసి పారిపోయిందో ఆ గొంతు పెద్దయినాక తనకే వచ్చింది. అక్కడ ఒక్కసారి వినబడాల్సిన దాన్ని మొదటి రోజే వినిపించేసి, పదో దాంట్లో చూపించను ఏమీ లేక రాక్షసుణ్ణి తెచ్చి పెట్టినారు. ఛీ.

…

పిల్లలకి విసుగా? మా బడి వరండాలో నలభై మందిని కూచోబెట్టి చెప్పినాను. నేను చెయ్యెత్తి 'మెరిసింది' అంటే చాలు, అందరూ ఒకటీ, రెండూ అని మొదలుపెట్టేవోళ్ళు. పద్దెనిమిది దాకా ఒక్కడు కదిల్తే ఒట్టు.

…

ఖర్చు మాట నాకు చెప్పబాకు. సెకండుకి ఇరవై నాలుగు ఫ్రేములు, రెండు ఫ్రేములకి ఒక బొమ్మ, ఇదంతా నాకు నేర్పింది నువ్వే. పద్దెనిమిది సెకండ్లు దూదమ్మ కళ్ళు మూసుకుని బిగుసుకుపోయి వుంటే ఒక్క బొమ్మ చాలు, దాన్నే పట్టి వుంచొచ్చు. రెండు వందల పదహారు బొమ్మలు గీసే చోట ఒకటి. మీ గీసేవోళ్ళు నాకు దండం పెట్టాల.

…

ఏమ్మా ఎక్స్‌ఛేంజీ? మూడు నిమిషాలు అయిపోయినాయా? ఇంకో మూడు ఇయ్యమ్మా. ఆ, రాసుకో.

…

హలో, వుండావా? ఇప్పుడు చెప్తా నాకు ఎందుకు రోత పుట్టిందో. ఆ రాక్షసుడి బొమ్మ ఎవురు గీసినారు?

…

ఎవురైనా కానీ. నల్లటి ఒళ్ళు, గోచీ, తలకి గుడ్డ, భుజాన వల. అది రాక్షసుడా? పొద్దున లేస్తే మా వూళ్ళో కనబడే మనిషి. దూదమ్మ అతన్ని పదో భాగంలో సముద్రంలో ముంచి చంపుతుందంట.

…

నవ్వొస్తుందనుకున్నారా? అంకాలమ్మని ఒక పిల్ల వుంది నా దగ్గిర, రెండో తరగతి. ఉరిమితే బల్ల కింద దూరేది. వాళ్ళ నాయన చెంగయ్య సముద్రం మీద చేపల వేటకి పోతాడు. ఉరుము వాళ్ళ నాయన కోసం వచ్చిందని దాని భయం. ఆ పిల్ల కోసం రాసిన కథరా ఇది. లెక్కపెట్టడం నేర్పితే బల్ల మీద కూచోవడం నేర్చుకుంది. లెక్క పది కిందికి దిగితే పడవలు ఒడ్డుకి రావాలని మావోళ్ళ కట్టుబాటు. నాయన వచ్చేస్తాడు టీచరమ్మా, ఉరుమే పిలుస్తుంది అంటుంది ఇప్పుడు.

…

నీ కవరు విప్పినప్పుడు పక్కనే వుంది. బొమ్మని చానాసేపు చూసి, 'మా నాయన ఏం తప్పు చేసినాడు?' అని అడిగింది.

…

…

ఏదో అబద్ధం చెప్పి పిల్లని ఇంటికి పంపినా.

…

గోచీ తీసి పంచె కడతారా! నీకు సిగ్గుందా? బట్టలు కాదు, రాక్షసుణ్ణే తీసెయ్యాల. ఉరుముకి మొహం వద్దు. చప్పుడు చాలు.

…

ముదలాళి గారు పక్కనే వుండారా? మంచిది, రిసీవరు ఇద్దరి మధ్యా పెట్టు. నమస్కారమండీ. వాదించే ఓపిక నాకు లేదు. ఇక్కడ కిటికీ బయట తూరుపు పక్క నల్లగా కమ్ముకోని వుంది… ఆగండి… ఆ, మెరిసింది! మాట్లాడబాకండి. ఒకటి… రెండు… మూడు…

నాలుగు… అయిదు…

ఎవురది, మూడో గొంతు? ఎక్స్‌ఛేంజీ అమ్మా, నువ్వు కూడానా? లెక్కపెట్టమ్మా, పెట్టు… ఏడు… ఎనిమిది… తొమ్మిది…

పది… పదకొండు…

వినబడిందా?

…

విసుగేసిందా ముదలాళి గారూ?

…

విజయభాస్కరూ, ఆయనేమన్నాడు? నాకు గరగరమని వినబడతావుంది.

…

అంటే మెరుపుకీ ఉరుముకీ మధ్య ఖాళీ మళ్ళీ పెడతారు. రాక్షసుడు?

…

ఆలోచించడం కాదు. ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాల్సిన కాగితం నా సంచిలోనే వుంది. కొత్త బొమ్మలు పంపు. నేను చూడను, అంకాలమ్మ చూస్తుంది. ఆ పిల్ల సరేనంటే సంతకం. లేదంటే ఆ కాగితంతో వాళ్ళమ్మ పొయ్యి రాజేసుకుంటుంది.

…

కోపం పోలేదు. పోదు కూడా. నువ్వు తల ఊపినావు గదా, అది గుర్తుంటుంది నాకు… వుండు, మళ్ళీ మెరిసింది. ఈసారి నువ్వు లెక్కపెట్టు. గట్టిగా.

…

…

ఆ, ఆపు. ఎంతయింది?

…

ఎనిమిది. పది కిందికి దిగింది తమ్ముడూ. మావోళ్ళు ఒడ్డుకొచ్చే లెక్క. ఉరుము దగ్గిరకొస్తే ఫోను పట్టుకోబాకమని పోస్టుమాస్టరు గారు కూడా లేచి నిలబడినారు, నేను ఫోను పెట్టేస్తుండా.