ఆఖరి రీలుకు ముందు చర్చ

ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ డబ్బాలను రెండోసారి లెక్కపెట్టాడు. ఫిల్మ్ క్లబ్ కార్యదర్శి సభ్యులకు పంపాల్సిన ఉత్తరం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఆరే ఉన్నాయండీ. ఏడో రీలు రాలేదు.”

“ఆర్కైవ్ వాళ్లకి ఫోన్ చేశాను. శనివారం సాయంత్రం బండికి పంపుతారట.”

“ఆట శనివారం ఆరింటికే కదా! వాయిదా వేసేయండి.”

“ఎలా వేస్తాం? ప్రింటు ఆదివారం పొద్దున బండికే తిరిగి పంపేయాలి. ఉత్తరాలు ఇవాళే పోస్టులో పడాలి.”

“మరి ఏం రాశారు?”

“‘ఈసారి చర్చ ఆరో రీలు తర్వాత. నాయిక తలుపు తీస్తుందా, తీయదా? మీ మాట చెప్పాకే ముగింపు చూద్దాం.’”

“భలే ఎత్తు వేశారు! ముగింపు చూడందే ఎవరూ లేవరు. కానీ ఆరో రీలు ఎనిమిదికి అయిపోతుంది. బండి తొమ్మిదికి గానీ రాదు. మనవాళ్లు పావుగంటకు మించి మాట్లాడరే!”

“అదే నా బెంగ.”

“చర్చలో అధ్యక్షులవారి పేరు లేదేం?”

“పోయినసారి మైకిస్తే గంటన్నర వదల్లేదు. ఇక ఆయన్ని మాట్లాడమని పిలవొద్దని కమిటీలో అందరం…”

కార్యదర్శి మాట మధ్యలో ఆగిపోయాడు. ఉత్తరం వైపు చూశాడు.

“పెన్నుందా?”