బిడ్డ చేతిల గ్లాసు

"పెద్దనాయనా, లతక్కకు నువ్వు రాసిన ఉత్తరం ముచ్చట చెప్పవా?"

ఉత్తరం కాదు బిడ్డా, రెండు. మొదటిది తప్పు ఉత్తరం. జర ఆగు, మొదటి సంది చెప్త.

నేను ఫిలింనగర్ల ముప్పయ్యేండ్లు కంటిన్యూటీ రాసిన గదా. అంటే ఏంది? హీరో గ్లాసు వట్టుకుంటే అండ్ల ఎంతున్నదో రాసుకోవాలె. తర్వాతి షాట్ల ఎక్కువ తక్కువైతే డైరెక్టర్ నన్నే తిడ్తడు. మీ పెద్దమ్మ ఉన్నప్పుడు అనేది, ఇంట్ల ఉప్పు అయిపోయినా కనవడది గని సెట్ల చుక్క తగ్గితె కనవడ్తదని. అదట్లుంచు.

నా బిడ్డ లత ఐర్లాండ్ల కొలువు జేస్తది. ఆదివారం వీడియో కాల్. చేతిల గ్లాసు, ఆపిల్ రసమంటది. సగమైంది, మల్ల నిండింది. మనిషి కుర్చీల నుంచి లేవనే లేదు, అంటే సీసా కాళ్ల కాడనే వెట్టుకున్నదన్నట్టు. మా సెట్ల విస్కీ సీసాల చాయ్ డికాషన్ పోస్తుంటిమి, ఈమె రసం గ్లాసుల అసలుది పోసింది. నాలుగు వారాలు రాసుకున్న. ఆఖరికి అడిగితె, "రోజూ తాగుతున్న నాయినా, పొద్దుగాల గూడ" అన్నది.

ఆ దినమే రాసిన. "ఇయ్యాల్టి సంది చుక్క ముట్టద్దు, మీ అమ్మ మీద ఒట్టు." అచ్చం సీన్ పేపరే, రాసింది రాసినట్టు చెయ్యాలె అన్నట్టు. ఫోటో దీసి పంపిన. లత ఒట్టు తప్పే మనిషి గాదు, ఒక్కసారే బంద్ వెట్టింది.

మర్నాడు యూసుఫ్‌గూడ హోటల్ల చాయ్ తాగుతున్న. అయ్యప్ప మాలేసుకున్నోళ్లు పోతున్నరు. లైట్‌మెన్ యాదగిరి యాదికొచ్చిండు. రోజూ తాగేటోడు, మాలేసుకొని ఒక్కసారే ఆపిండు. మూడో దినం సెట్ల ఫిట్సొచ్చి పడ్డడు. చాయ్ గాడనే వదిలేసి ఫోన్ జేసిన.

"చేతులు వణుకుతున్నయా?"

"నీకెట్ల తెల్సు నాయినా? చెమటలు గూడ."

"ఇప్పుడే దవాఖానకు పో. ఎంత తాగుతవో డాక్టర్‌కు ఒక్క పెగ్గు గూడ దాయకుండ చెప్పు."

పోయింది. డాక్టరమ్మ అన్నదట, ఇంత అలవాటైనోళ్లు ఒక్కసారి ఆపొద్దు, పానం మీదికొస్తదని. విటమిన్ గోలీలిచ్చింది. ఎన్ని దినాలకు ఎంత తగ్గియ్యాలెనో ఆమెనే కాయితం రాసిచ్చింది, వారం వారం రమ్మన్నది.

అప్పుడు రెండో ఉత్తరం రాసిన. "లతా, ఒట్టు వాపస్ తీసుకుంటున్న. డాక్టరమ్మ చెప్పినట్టే తగ్గియ్యి. కొలిచి పోసుకో, సీసాతోని కాదు. కడుపుల ఇంత అన్నం పడ్డంకనే ముట్టు. ఇంట్ల సీసాలు నిల్వ వెట్టకు. ఎప్పుడు, ఎంత, ఎందుకు తాగినవో నేను సెట్ల రాసినట్టు రాయి. నేను తిట్టను, చూస్త అంతే."

ఆర్నెల్లాయె. ఆదివారమాదివారం లత రాసిన కాయితం ఫోటో వస్తది. ఇప్పుడు వారంల ఐదు దినాలు ఖాళీ. మొన్న బుధవారం కాడ "ఒకటి" అని రాసి, కొట్టేసి, "మూడు" అని రాసింది. ఆ కొట్టేసిన గీత జూసి ఏడ్సిన బిడ్డా. అబద్ధం రాసి మల్ల దిద్దుకున్నది, నాకోసం.

సరే, నువ్వు సల్లగుండాలె, నూరేండ్లు బతకాలె. ఆ గ్లాసుల ఏందది? జ్యూసా? ఇటు తే, వాసన జూస్త.