అమ్మకు చెప్పొద్దన్న కొడుకు

డాక్టరమ్మ తలుపు మూసి, ఫోను కట్టేసి, కుర్చీని రోగి కొడుకు పక్కకు లాక్కుని కూర్చుంది.

“అమ్మగారి జబ్బు గురించి ఇప్పటిదాకా మీకేం తెలుసు?”

“పెద్దపేగులో గడ్డేదో ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపారని.”

“ఆ రిపోర్టు వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పమంటారా?”

“చెప్పండి మేడమ్.”

“మంచి కబురు కాదు. అది క్యాన్సర్.”

అతను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఏదో ఒక ధైర్యం మాట ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ మంచినీళ్ళ గ్లాసు మాత్రం అతని ముందుకు జరిపింది.

“బతుకుతుందా?”

“ఎంతవరకు పాకిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. తెలియకుండా మాటివ్వలేను. రేపు స్కాన్ చేయిద్దాం. ఆ తర్వాత ఆపరేషన్ డాక్టరుతో కలిసి మనందరం కూర్చుందాం. మిమ్మల్ని మధ్యలో వదిలేయను.”

“అమ్మకు మాత్రం చెప్పకండి. బెంబేలెత్తిపోతుంది. పేగులో మామూలు పుండు అని చెబుదాం.”

“పొద్దున ఆవిడే సూటిగా అడిగారండీ. అబద్ధమాడలేక చెప్పేశాను.”

“ఏమంది?”

“‘మావాడు పైకి గంభీరంగా కనిపిస్తాడు గానీ ఒట్టి పిరికివాడు. వాడికి చెప్పడానికి నాకు నోరు రాదు, కూర్చోబెట్టి నెమ్మదిగా మీరే చెప్పండమ్మా’ అన్నారు. బయట బెంచీ మీద ఉన్నారు.”

అతను గబగబా కళ్ళు తుడుచుకున్నాడు. “మొహం కడుక్కొస్తాను.”

“పొద్దున ఆవిడా అదే అన్నారు, మీరొచ్చేలోగా కడుక్కోవాలని.”

అతను కుళాయి వైపు పోలేదు. ఆ తడి మొహంతోనే వెళ్ళి తలుపు తీశాడు.