పడవలో రాయి

కొండకర్ల ఊరి చివర రోడ్డు. ఉదయం. అనకాపల్లి వెళ్ళే ఆటో కోసం కన్నబాబు, అతని కూతురు లోవలక్ష్మి నిలబడి ఉన్నారు.

“నీళ్ళు తగ్గుతాయి నాన్నా. తగ్గుతాయి! ఇన్నాళ్ళూ మారవనే రాసేను.”

“ఏ నీళ్ళే? పొద్దున్నుంచీ అదే గొడవ.”

“సెప్పేను కదా, పరీచ్చ ప్రశ్న. చెరువులో పడవ, పడవలో రాళ్ళు. ఆ రాళ్ళు తీసి నీళ్ళలో పడేత్తే చెరువు నీళ్ళు పెరుగుతాయా, తగ్గుతాయా, అలగే ఉంటాయా? పోయినేడు ఈ సీటు పరీచ్చలోనే ఇచ్చేరు.”

“మీ నితీష్ బావ సెప్పేడు కదా అది.”

“సెప్పేడు. అలగే ఉంటాయని సెప్పేడు. ఎందుకు బావా అంటే, పడవా నీళ్ళలోనే ఉంది, రాయీ నీళ్ళలోనే పడింది, ఇంకెక్కడికెళ్తాదే, బట్టీ పట్టేయ్ అన్నాడు. పట్టేను. కానీ బుర్రలో ఎక్కలేదు నాన్నా. రాత్రి నువ్వు పడుకున్నాక నీ ఫోనుతో ఫొటో తీసి, అడిగినదానికి జవాబు సెప్పే యాప్‌లో పెట్టేను.”

“అందుకా తెల్లారి ఫోను సచ్చిపోయుంది! రాత్రంతా దాంతో కబుర్లేటి?”

“కబుర్లు కాదు. మొదట ఫొటో బాగా రాలేదు. నా సెయ్యి నీడే పడింది. కింద లైను కనబడటం లేదు, లైటు పక్కనుంచి పడేటట్టు మళ్ళీ తియ్యి అంది.”

“ఫోను అందా?”

“రాసింది. మళ్ళీ తీసేను. అప్పుడు ప్రశ్న మొత్తం తిరగరాసి, ఇదేనా అని అడిగింది. రాళ్ళకి బదులు దుంగలు అని సదివింది. కాదు, రాళ్ళు అన్నాను. మంచి పని సేసేవు, దుంగలైతే జవాబే మారిపోతాది అంది.”

“అదేటి, దుంగలకీ రాళ్ళకీ తేడా ఏటి?”

“అదే నాన్నా అసలు సంగతి! దుంగ తేలుతాది. పడవలో ఉన్నా తేలడమే, కింద పడేసినా తేలడమే. అందుకని నీళ్ళు అలగే ఉంటాయి. రాయి మునిగిపోతాది.”

“అయితే బావ దుంగల జవాబు సెప్పేడన్నమాట. పొరపాటు పడుంటాడు. పాపం, ఎంతమందికి సెప్తాడు.”

“నేనూ అలగే అనుకున్నాను మొదట.”

“మొదటేటి, అంతే అది. ఆటో వత్తందేమో సూడు.”

“రాలేదు. విను. నేను తెలుగులో అడిగేను. జవాబు సెప్పీకుండా నన్నే తిప్పి అడిగింది. పడవలో రాయి ఉన్నప్పుడు ఆ రాయి కోసం పడవ ఎంత నీటిని పక్కకి నెట్టాలి అని. రాయి సైజంత అన్నాను. ఆగు, నువ్వు పడవెక్కితే పడవ ఎందుకు కిందకి దిగుతాది అంది.”

“బరువుకి దిగుతాది.”

“అదే అన్నాను. ఎంతవరకు దిగుతాది? నీ బరువంత నీరు పక్కకి జరిగేవరకు. అక్కడితో ఆగుతాది. మరి రాయికీ అంతే కదా? రాయి అయిదు కిలోలు అనుకో, పడవ అయిదు లీటర్ల నీటిని పక్కకి నెట్టాలి. ఇప్పుడు ఆ రాయిని నీళ్ళలో పడేయ్. మునిగిపోయింది. ఇప్పుడు అది ఎంత జరుపుతాది? దాని సైజంతే. రెండు లీటర్లు.”

“మిగతా మూడు?”

“మిగతా బరువు అడుగున నేల మోత్తాది! నీళ్ళు మొయ్యక్కర్లేదు. అందుకని నీళ్ళు తగ్గుతాయి. నాన్నా, అది సదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఏడాదంతా బట్టీ పట్టింది ఒక్క నిమిషంలో విడిపోయింది.”

“నీ బావ డిగ్రీ సదివేడు. ఆ ఫోను ఏటి సదివిందని నమ్మేవు?”

“నేనూ నమ్మలేదు. బావ తప్పు సెప్తాడేటి అన్నాను. నేను కూడా పొరబడొచ్చు, ఇంట్లో టబ్బుంటే సేసి సూడు అంది. సేసేను.”

“ఓలమ్మా! అందుకా మీ అమ్మ పొద్దున్నే అరిసింది, పప్పు గిన్నె టబ్బులో ఎందుకుందని!”

“పప్పు గిన్నెలో చిన్న పొత్రం రాయి పెట్టి టబ్బులో తేల్చేను. నీళ్ళు ఎక్కడికున్నాయో అక్కడ టబ్బుకి నా బొట్టుబిళ్ళ అంటించేను. తర్వాత పొత్రం తీసి నీళ్ళలో వదిలేను. నీళ్ళు బొట్టుబిళ్ళ కిందకి దిగిపోయేయి నాన్నా. కళ్ళతో సూసేను.”

“సరే, సూసేవు. తెలిసింది. సంతోషం. ఈయేల పరీచ్చలో రాసేయ్. ఇంకేటి?”

“ఇంకేటంటే... టబ్బు సప్పుడుకి అన్నయ్య లేసేడు.”

“చంటిబాబు లేసేడా? వాడెందుకు?”

“నిద్రమత్తులో ఉన్నాడు. ఏటే ఈ నీళ్ళు అన్నాడు. పడవలో రాయి తీసి నీళ్ళలో పడేత్తే నీళ్ళేటవుతాయిరా అన్నయ్యా అన్నాను. ఠక్కున, తగ్గుతాయి అన్నాడు.”

“...వాడికేదో తెలిసుంటాది.”

“ఎలా తెలుసు అన్నాను. నితీష్ బావే సెప్పేడు, నీకు సెప్పలేదేటి అన్నాడు. పడవలో బరువు, నీళ్ళలో సైజు అని మొత్తం అప్పజెప్పేడు నాన్నా. నాకు ఆ యాప్ సెప్పిందే. అచ్చంగా అదే.”

“ముందు నీకు తప్పు సెప్పేసి, తర్వాత తెలిసి వాడికి సరిగ్గా సెప్పుంటాడు.”

“తెలిసేక నాకు సెప్పొద్దా?”

“మరిసిపోయుంటాడు.”

“బావ ఇద్దరికీ ఒకే గదిలో సెప్పేవోడు, కానీ వేళలు వేరు. ఆదివారం పొద్దున్న అన్నయ్యకి, సాయంత్రం నాకు. విడివిడిగా ఎందుకు సెప్తాడని నేనెప్పుడూ అనుకోలేదు.”

“లోవా, పరీచ్చ ముందు ఇవన్నీ ఎందుకే. మనసు పాడు సేసుకోకు.”

“ఇంటికొకటే సీటు నాన్నా. విశాఖలో హాస్టలు, సదువు, అన్నీ ఉచితం. మనింట్లో ఇద్దరం రాత్తన్నాం. ఎవరికి ఎక్కువొత్తే వాళ్ళకి. రానోళ్ళని సదివించలేనని నువ్వే సెప్పేవు.”

“సెప్పేను. అబద్ధమేటి? సెరుకులో నష్టం సంగతి నీకు తెలీదా?”

“తెలుసు. అందుకే ఏడాదంతా కష్టపడ్డాను. అన్నయ్య పోయినేడు తప్పేడు కాబట్టి నాకే ఆశ ఉందనుకున్నాను. బావకి నేనేం సేసేను? నేను ఆళ్ళింటికెళ్ళినప్పుడల్లా అత్తకి గిన్నెలు తోమేను కదా. బావ ఎంత బాగా మాటాడేవోడు. బుర్ర ఉందే నీకు అనేవోడు. నా మొహంలోకి సూత్తూనే తప్పు సెప్పేడు!”

“వాడు మంచోడేనే.”

“మంచోడా? నాన్నా, నీకు కోపం రాలేదేటి?”

“వత్తాది, వత్తాది. ఇప్పుడేటి సెయ్యమంటావు, రోడ్డు మీద?”

“ఇందాక అన్నయ్యని బావ బండి మీద ఎక్కించుకుని పోయేడు. నన్నెందుకు ఎక్కించుకోలేదు? ముగ్గురం పట్టమా?”

“పోలీసోళ్ళు పట్టుకుంటారు.”

“కొండకర్లలో పోలీసోళ్ళా!”

“అనకాపల్లిలో ఉంటారు కదే.”

“పరీచ్చ గేటు దగ్గర నిలబడతాడు. అందరి ముందూ అడిగేత్తాను. నువ్వు కూడా అడగాలి. నా కూతురికి ఎందుకు తప్పు సెప్పేవురా అని అడగాలి.”

“గేటు దగ్గర గొడవలొద్దు. మీ అమ్మ దేముడమ్మకి అన్న కొడుకు. అది ఊరుకోదు.”

“అమ్మకి సెప్పేను. నాన్నకి సెప్పు, నాకేటి తెలుసు అంది. కళ్ళలోకి సూడలేదు. ఆవిడ మేనల్లుడు కదా మరి.”

“ఎండ అప్పుడే మండుతాంది. గొడుగు తేవలసింది.”

“నాన్నా, నేను మొదట వత్తే నీకు సంతోషమేనా?”

“అదేం ప్రశ్న?”

“సెప్పు.”

“సంతోషమే. ఎందుకుండదు. ఆడపిల్లవి, ఎక్కడున్నా బతుకుతావు. ఆడికే, చంటిబాబుకే, ఏ దారీ కనబడదు నాకు. ఆ బుర్ర అంతంతే... సరే, ఎందుకులే. ఇంకేమైనా ఫొటోలు తీసేవా రాత్రి?”

“ఎందుకు?”

“ఊరికే. ఈ ఒక్క ప్రశ్నేనా, ఇంకా సూసేవా అని.”

“ఇంకొకటి తీత్తుంటే డేటా అయిపోయింది. తర్వాత ఛార్జింగు పోయింది. ఈ ఒక్కటే.”

“అంతే కదా.”

“అంతే. అదే నా భయం నాన్నా.”

“భయమేటి?”

“ఇదొక్కటేనా తప్పు? అద్దాల లెక్కలు బావే సెప్పేడు. కరెంటు లెక్కలు బావే. ఆమ్లాలు, క్షారాలు బావే. త్రికోణమితి మొత్తం బావే. ఏది నిజమో ఏది అబద్ధమో నాకెలా తెలుస్తాది? నా బుర్రలో ఉన్నదంతా వాడు పెట్టిందే.”

“అదిగో ఆటో. పోతురాజు వత్తన్నాడు.”

“ఏటి రాయాలి నేను? ప్రతి జవాబు దగ్గరా ఇది కూడా తప్పేమో అనుకుంటాను. రాత్రి పడుకోలేదు. కళ్ళు మూసుకుంటే వాడి గొంతే వినబడతాంది.”

“ఓ కన్నబాబు బావా! ఎక్కండి, ఎక్కండి. అనకాపల్లి దగ్గరకెళ్తే ట్రాఫిక్కు. పరీచ్చ పిల్లలు ఇంకా ఇద్దరున్నారు దార్లో.”

“వత్తన్నాం పోతురాజూ, ఒక్క నిమిషం. లోవా, ఎక్కు.”

“నేను రాను.”

“ఏటీ?”

“రాను నాన్నా. పరీచ్చ రాయను. తప్పులు నేర్చిన బుర్రతో వెళ్ళి కూర్చుని ఏం సేత్తాను? సీటు అన్నయ్యకే రానీ. వాడికి అన్నీ సరిగ్గా వచ్చు.”

“పిచ్చి మాటలాడకు. ఏడాది కష్టం.”

“ఆ కష్టమంతా తప్పు నేర్చుకోడానికే పోయింది.”

“కాదే. అలగ కాదు. ఎక్కు తల్లీ.”

“కన్నబాబు బావా, పిల్ల ఎందుకేడుత్తంది? టైమవుతోంది.”

“నువ్వుండవోయ్ పోతురాజూ! లోవా, నా మాట విను. అద్దాలూ, కరెంటూ నిజమే సెప్పేడు. త్రికోణమితి నిజమే.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు. ఎక్కు.”

“నీకు సదువు రాదు నాన్నా. ఎలా తెలుసు నీకు?”

“కన్నబాబు బావా, పోనా?”

“ఆగరా! లోవా... నువ్వు కూర్చుని రాయి. నీకు వచ్చిందంతా రాయి. అన్నీ తప్పు కాదమ్మా. నేను నితీష్‌ని అన్నీ తప్పు సెప్పమన్లేదు. రెండో మూడో సాలన్నాను.”