పద్నాలుగో తారీఖు సెలవు

హలో… ఆ, నేనే, కోచ్‌నే… ఎవరు, పిచ్చుకవా? గొంతేంటి అలా ఉంది?

…

చదివి చదివి అరిగిపోయిందా. సరేలే. రేపు సైన్స్ కదా, పుస్తకం పక్కన పెట్టి ఫోన్ పట్టుకున్నావేంటి మరి?

…

లిస్టా? అదే రాస్తున్నా. ఆఫీసు గదిలో కూర్చున్నా. టేబుల్ మీద ఒక పక్క గాలి పోయిన బంతులు, ఇంకో పక్క మీ కాగితాలు, మధ్యలో నేను. ఆరింటికల్లా లీగ్ ఆఫీసులో ఇచ్చెయ్యాలి. ఆరు దాటిందంటే ఆ గుమస్తా కిటికీ వేసేస్తాడు, కాళ్ళు పట్టుకున్నా తియ్యడు.

…

ఉంది, నీ పేరుంది. పన్నెండు మందిలో నాలుగోది. సెట్టర్ లేకుండా వాలీబాల్ జట్టేంటి? నువ్వు బంతి లేపి ఇవ్వకపోతే మనవాళ్ళు గాలిని కొట్టుకోవాలి.

…

అవును, పద్నాలుగున సెమీస్. గెలిస్తే పదిహేనున ఫైనల్. రెండింటికీ ఇదే లిస్టు, మధ్యలో పేరు చేర్చడం కుదరదు. బస్సు ఏడింటికి, మన ప్రాక్టీసు హాలు ముందు నుంచి. రెండు గంటల దారి. పదకొండుకి మ్యాచ్… ఇవన్నీ నోటీసు బోర్డు మీద ఉన్నాయి కదా. మూడోసారి అడుగుతున్నావ్.

…

ఊరికే ఏంటి ఊరికే. ఉండు, పిన్ను గుచ్చుకుంది… ఈసారి కొత్త తలనొప్పి ఒకటి పెట్టారు. బోర్డు పరీక్షలు రాసేవాళ్ళ సెలవు లెటరూ, టైమ్‌టేబులూ లిస్టుకి గుచ్చి ఇవ్వాలట. మ్యాచ్ రోజుల్లో వీళ్ళకెవరికీ పరీక్ష లేదని కింద నేను సంతకం పెట్టాలట.

…

హలో? ఉన్నావా?

…

ఆ, విను. నీ లెటర్ ఇదిగో, నా ముందే ఉంది. "విషయం: బోర్డు పరీక్షల నిమిత్తం శిక్షణకు సెలవు కోరుట." గుండ్రంగా బాగా రాశావ్. పోయిన నెల ఇరవై ఆరు నుంచి ఈ నెల పన్నెండు దాకా సెలవు. "పన్నెండుతో పరీక్షలు ముగియును. పదమూడున తప్పక హాజరు కాగలను." కింద అమ్మ సంతకం. వెనక హాల్ టికెట్ జిరాక్సు. దాని వెనక టైమ్‌—

…

చూడక్కర్లేదా? ఎందుకు చూడక్కర్లేదు?

…

తొందరేం లేదు, ఇంకా ఐదూ పది. చూస్తా.

…

…

పిచ్చుకా. లెక్కల పేపరు ఎప్పుడు?

…

నీళ్ళు నమలకు. కాగితం నా చేతిలోనే ఉంది. నీ నోటితో చెప్పు.

…

ఊఁ. పద్నాలుగు. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. నువ్వు రాసిందేమో పన్నెండుతో ముగియును అని.

…

వాయిదా ఏం పడలేదు. ఇది మొదట ఇచ్చిన టైమ్‌టేబులే. అంటే లెటర్ రాసేటప్పుడే నీకు తెలుసు.

…

ఏడవకు. ముందు జవాబు చెప్పు. పద్నాలుగున పొద్దున పరీక్షకని ఇంట్లోంచి బయల్దేరి, బస్సెక్కేద్దామనుకున్నావా?

…

జెర్సీ స్కూల్ బ్యాగులో. పరీక్ష అట్ట కింద. అబ్బో, అంతా ఆలోచించి పెట్టుకున్నావ్. మరి లెక్కలు?

…

సప్లిమెంటరీలో రాస్తావా. అమ్మకెప్పుడు చెప్దామని?

…

కప్పు చేతిలో పెట్టి చెప్తావా. ఆవిడ ఆ కప్పు నా నెత్తిన కొడుతుంది తల్లీ.

…

నవ్వకు, నేను నవ్వట్లేదు. ఇంకో నిమిషంలో సంతకం పెట్టేసేవాణ్ణి. అమ్మ చదవకుండా పెట్టింది, నేను చూడకుండా ఫైల్లో పెట్టాను. రిజిస్టర్‌లో నీ గళ్ళన్నిట్లో "సె" అని రాసుకుంటూ పోయాను, పిల్ల పద్ధతిగా లెటర్ ఇచ్చింది కదా అని. పదిహేడేళ్ళుగా టైమ్‌టేబుల్ గుచ్చి ఇమ్మని మిమ్మల్ని చంపుతున్నాను. ఒక్కదాన్నీ తిప్పి చూసిన పాపాన పోలేదు.

…

ఆ, అది నీకూ తెలుసన్నమాట. అందుకే ధైర్యంగా గుచ్చావ్.

…

ఎందుకు చేశావ్? నన్ను అడిగితే నేను చెప్పేవాణ్ణి కాదా?

…

ఎవరన్నారు?

…

నేనా? ఎప్పుడు?

…

…

అందరి ముందూ అన్నానా.

…

మళ్ళీ చెప్పు, ఏమన్నానో.

…

"మ్యాచ్‌కి సెలవు చీటీ ఇచ్చినవాళ్ళ చోటు ఖాళీగా ఉంచను. వచ్చేసరికి అక్కడ ఇంకొకళ్ళు ఉంటారు."

…

అన్నాను. గుర్తొచ్చింది. ఆ రోజు ప్రాక్టీసుకి ఏడుగురే వచ్చారు, ఒళ్ళు మండింది. ఎవరినో బెదిరిద్దామని నోరు పారేసుకున్నాను. అది నువ్వు పట్టుకెళ్ళి గుండెలో పెట్టుకున్నావ్.

…

లేదు, తప్పు నీదీ ఉంది. అబద్ధం రాశావ్, అమ్మ చేత సంతకం పెట్టించావ్. కానీ మొదట నాది.

…

ఒక్క నిమిషం ఆగు. నన్ను ఆలోచించుకోనీ.

…

నిజం చెప్పనా? ఇప్పుడు నువ్వు ఏడుస్తుంటే ఒక పాడు బుద్ధి పుట్టింది నాకు. ఈ కాగితం చూడనట్టు ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది, మూడేళ్ళ తర్వాత సెమీస్‌కి వచ్చాం, నువ్వు లేకపోతే పోతాం… ఇలా. నీ దగ్గర దాచడం ఎందుకు, అనిపించింది. సిగ్గేస్తోంది.

…

వద్దు. "సార్, అలాగే చేద్దాం" అనకు. ఇంకోసారి అనకు. ఆ మాట వినే ఓపిక లేదు నాకు.

…

నేను సంతకం పెట్టను. నువ్వు లెక్కలు రాస్తున్నావ్. అది అయిపోయింది. ఇక లిస్టు సంగతి.

…

ఏడుపు ఆపి విను, టైమ్ లేదు. నీ పేరు కొట్టేస్తే పదిహేనున ఫైనల్ కూడా నీకు లేదు. కొట్టకుండా ఉంచాలంటే ఒక దారుంది. లిస్టు ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఇప్పుడే చదువుతున్నా. పరీక్ష వల్ల ఒక రోజు రాలేని ఆటగాళ్ళు… ఆ రోజుకి విడిగా సెలవు లెటర్, అందులో పరీక్ష పేరు, వేళ, పెద్దవాళ్ళ సంతకం. లిస్టుతో పాటే ఇవ్వాలి. అలాగైతే పేరు ఉంటుంది. పద్నాలుగున పదకొండు మందితో ఆడతాం. పదిహేనున నువ్వు వస్తావ్.

…

రేపు కాదు, ఇప్పుడు. లిస్టుతో పాటే అని రాశారు. ఐదూ ఇరవై అవుతోంది. మీ ఇంటి నుంచి ఇక్కడికి సైకిల్ మీద ఎంతసేపు?

…

పది నిమిషాలు. ఇక్కణ్ణుంచి నా బండి మీద లీగ్ ఆఫీసుకి పన్నెండు. సిగ్నల్ పడితే పదిహేను. సరిపోతుంది. పెన్ను తీసుకో.

…

రూళ్ళ కాగితమా, ఏదైనా పర్లేదు. రాయి. "పద్నాలుగో తారీఖున నాకు గణితం పరీక్ష ఉన్నందున"… ఉన్నందున… "సెమీఫైనల్ మ్యాచ్‌కి రాలేను. ఆ ఒక్క రోజుకి సెలవు ఇవ్వగలరు." వేళ రాయి. హాల్ టికెట్ నంబరు రాయి. రాశావా?

…

ఇంకోటి. "ఇంతకుముందు ఇచ్చిన లెటర్‌లో పన్నెండుతో పరీక్షలు ముగియును అని రాసినది తప్పు. తెలిసే రాశాను."

…

రాయాలి. ఆ ముక్క లీగ్ వాళ్ళ కోసం కాదు. అది లేకపోతే ఈ లెటర్ నేను తీసుకోను.

…

రాశావా. మంచిది. ఇప్పుడు అమ్మ సంతకం.

…

నువ్వే పెడతావా? ఏమన్నావ్?

…

ఏమీ అనలేదు కదా. నాకూ ఏమీ వినపడలేదు. అమ్మ ఎక్కడ?

…

నైట్ డ్యూటీ ఉందని పడుకుందా. లేపు.

…

తెలుసు, ల్యాబ్‌లో రాత్రంతా నిలబడి రక్తం తీసే మనిషి. నిద్ర చెడగొట్టాలని నాకూ లేదు. లేపు పిచ్చుకా. లేపి, మొదటి లెటర్ సంగతి చెప్పు. తర్వాత రెండోది చేతికివ్వు.

…

నేను చెప్పను. నువ్వు చెప్పాలి. నేను లైన్‌లోనే ఉంటాను. ఫోన్ మంచం మీద పెట్టు, కట్ చెయ్యకు.

…

ఊఁ. వెళ్ళు.

…

…

ఐదూ ఇరవై నాలుగు.

…

…

…

ఆఁ… హలో? నమస్కారం అమ్మా. కోచ్‌ని.

…

అవునమ్మా, నిజమే.

…

లేదు, నేను రమ్మనలేదు. రమ్మన్నా బాగుండేది, అప్పుడు తప్పంతా నా మీదే వేసుకుని కూర్చునేవాణ్ణి… మాట మాత్రం నాదే. మ్యాచ్‌కి సెలవు అడిగినవాళ్ళ చోటు పోతుందని పిల్లల ముందు అన్నాను. దానికి భయపడి చేసింది.

…

మీరు ఎంత తిట్టినా పడతాను. కానీ ఆరింటి తర్వాత తిట్టండి.

…

ఆ, చదివి పెట్టండి. ఈసారి మొత్తం చదవండి. నేనూ చదువుతాను.

…

మాన్పించేస్తారా.

…

లేదమ్మా, కాదనను. మీ పిల్ల, మీ ఇష్టం. మాన్పించకపోయినా పదమూడు దాకా నేను ప్రాక్టీసుకి పిలవను, ఫోన్ కూడా చెయ్యను. పద్నాలుగున మీరు పరీక్ష సెంటర్ దాకా వెళ్ళి దింపండి. గేటు లోపలికి వెళ్ళాక ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి. అది వస్తేగాని నేను మ్యాచ్‌కి జట్టుని దించను. నిజంగానే చెప్తున్నా.

…

పదిహేను సంగతి మీరు ఆలోచించుకోండి. నేనేమీ అడగను. లిస్టులో పేరు మాత్రం ఉండనివ్వండి. తర్వాత మీరు వద్దంటే వద్దు. ఇప్పుడు కొట్టేస్తే మాత్రం, మీరు సరే అన్నా నేను చేర్చలేను.

…

…

అమ్మా?

…

ఐదున్నర అవుతోంది.

…

పెట్టారా… చాలా సంతోషం అమ్మా. దానికి ఇవ్వండి ఫోను.

…

పిచ్చుకా, విను. కాగితం మడిచి జేబులో కాదు, పుస్తకంలో పెట్టుకుని రా. తొక్కు, కానీ మలుపు దగ్గర మెల్లగా. నేను గేటు బయట బండి మీద ఉంటాను. ఇచ్చేసి వెంటనే వెనక్కి వెళ్ళిపో. సైన్స్ చదువు.

…

రెండో సెట్టర్ ఉంది కదా, ఆ పొడుగు పిల్ల.

…

తెలుసు, దానికి చేతులు జారతాయి. ఎనిమిది రోజులుంది, నేర్పుకుంటాను.

…

ఓడిపోతే ఓడిపోతాం. పదిహేనున ఫైనల్ లేకపోతే ఇంట్లో పడుకో. అది నీ వల్ల అని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

…

ఏంటి? ఇంకోసారి చెప్పు, వినపడలేదు.

…

నీ చోటు…

…

రిజిస్టర్ తెరిచే ఉంది. పద్నాలుగో గడిలో "సె" అని పెన్నుతో రాస్తున్నా. నువ్వు తెచ్చే కాగితం కింద నా చేత్తో రాస్తాను… "సెలవు ఇచ్చాను. ఈమె చోటు ఈమెదే." దాని జిరాక్సు రేపు నోటీసు బోర్డుకి గుచ్చుతాను. ఆ మాట అందరి ముందూ అన్నాను కదా, ఇదీ అందరూ చదవాలి.

…

ఏడుస్తూ సైకిల్ తొక్కకు. ముందు మొహం కడుక్కో.

…

గేటు దగ్గరే ఉంటాను. పెట్టేస్తున్నా… లేదు లేదు, ఒక్క మాట. మీ అమ్మని మళ్ళీ పడుకోమను. డ్యూటీకి ఇంకా టైమ్ ఉంది కదా.

…

పక్కనే నిలబడి నీ సైకిల్‌కి గాలి కొడుతోందా.

…

సరే. రా.