లిస్టులో ఉన్న పేరు

అమలాపురంలో ఒక నెట్ సెంటర్. కూతురి కాలేజీ సీటుకు కులం సర్టిఫికెట్ కావాలని వచ్చిందామె, పూసలమ్ముకునే మనిషి. కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ తలెత్తకుండానే అడిగాడు. ఆ గొంతులో చులకన ఆమెకు కొత్త కాదు, ముప్పై ఏళ్ళుగా పూసలమ్మే గుమ్మాల దగ్గర విన్నదే.

“నక్కలోళ్ళేగా?”

“వాగ్రి అండి. అలా రాయండి.”

“అదెక్కడిది? లిస్టులో నక్కల, కుర్వికరన్ అనుంది.”

“నక్కల్ని వేటాడేమని మీవాళ్ళు ఒకటి పెట్టేరు. పిట్టల్ని పట్టేమని అరవోళ్ళు ఇంకోటి పెట్టేరు. మా భాషలో మేం వాగ్రి.”

“ఏ పేరైతే ఏంటి? సీటొస్తే చాలదా నీకు?”

“సీటొస్తుందంటే మీరు గొల్టి అని రాయించుకుంటారాండి?”

అప్పుడు లేచింది తల.

“ఏమన్నావ్? తెలుగుని తిరగేసి ఎక్కిరించే మాట అది! మద్రాసులో ఆ మాట పడలేకే ఉద్యోగం వదిలేసి వచ్చేను!”

“ఆయ్. అక్కడ పూసలమ్మేటప్పుడు నేనూ విన్నానండి. అది లిస్టుకెక్కలేదు కాబట్టి మీకింకా తిట్టులాగే ఉంది. మాది ఎక్కేక పేరైపోయింది.”

ఆపరేటర్ మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగాడు.

“లిస్టు పార్లమెంటు మార్చాలి. నా చేతిలో లేదు.”

“తెలుసండి, అర్జీ పెట్టేం. మా సంఘం బోర్డు మీద మాత్రం వాగ్రి అని మేమే రాసుకున్నాం. దీని మీద మీ లిస్టులో మాటే కొట్టండి, పిల్లకి సీటు కావాలి.”

దరఖాస్తు ప్రింటు బయటికొచ్చింది. అతను దాన్ని రెండు చేతులా అందించాడు.

“ఇక్కడ సంతకం పెట్టండి.”

“ఈ ‘అండీ’ ఏ లిస్టులో దొరికిందండి?”