కోర్టు లేచే వరకు

అందరికీ నమస్కారం.

కుర్చీలు చాలక కొందరు గోడవారన నిలబడి ఉన్నారు. అనురాధ చూస్తే ఇబ్బందిపడేది. తన కోసం ఎవరైనా పని మానుకుని వస్తే ఆమెకు నచ్చేది కాదు. అయినా వచ్చారు. ఆమె తరఫున మీకు కృతజ్ఞతలు. ఆమె తరఫున మాట్లాడటం నాకు ఇంకా అలవాటు కాలేదు.

నన్ను ఎరగనివాళ్ళకు ఒక మాట. నేను ఆమె భర్తను. అబిడ్స్‌లో కళ్ళజోళ్ళ షాపు నాది. ఆమె డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్, మందుల నాణ్యత తనిఖీ చేసే ఉద్యోగం. పోయిన నెల నాంపల్లి కోర్టు నుంచి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, కాసేపు పడుకుంటానంది. కాఫీ కలిపి పిలిచాను. లేవలేదు.

మిత్రులారా, గుండె జబ్బు గురించి నేను చెప్పగలిగేది లేదు. ఆమె పని గురించి చెబుతాను.

రెండో వరుసలో వరలక్ష్మి గారు కూర్చున్నారు. బేగం బజార్‌లో పప్పులు బాగుచేసే పని ఆమెది. చాలా ఏళ్ళ కిందట ఆమె పాప అక్షితకు నిమోనియా వచ్చింది. డాక్టరు సరైన మందే రాశారు. తల్లి వేళ తప్పకుండా తాగించింది. జ్వరం తగ్గలేదు. సీసా అయిపోకముందే పాప పోయింది. నాలుగేళ్ళ పిల్ల.

మిగిలిన మందుతో ఆ సీసాను కొంగులో చుట్టుకుని వరలక్ష్మి గారు అనురాధ ఆఫీసుకు వెళ్ళారు. అనురాధ ఆమెకు చెప్పాల్సి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? మూత తీసిన సీసా సాక్ష్యం కాదు. చట్టం ఒప్పుకోదు. ఆ మాట చెప్పి వచ్చిన రోజు అనురాధ అన్నం తినలేదు.

మర్నాడు ఆ మందు కొన్న చోటికే, సుల్తాన్ బజార్‌లో కిషన్ గారి మెడికల్ షాపుకు వెళ్ళింది. అదే బ్యాచ్ సీసాలు, సీలు ఉన్నవి, డబ్బిచ్చి తీసుకుంది. కిషన్ గారూ, మీరు ఇక్కడే ఉన్నారు. “మేడం, అందరు దగ్గుకు మందు కొంటరు, మీరు నాకు దగ్గు తెప్పిస్తరు” అన్నారట మీరు. ఆమె ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది.

శాంపిల్ పరీక్షలో తేలింది. ఉండాల్సిన మందులో మూడో వంతు మాత్రమే ఉంది.

షాపు మీద కేసు పెట్టి ముగించమని ఆమెకు సలహా ఇచ్చినవాళ్ళున్నారు. అది తేలిక. షాపుకు తలుపు ఉంది, యజమాని ఉన్నాడు, పట్టుకోవచ్చు. కానీ కిషన్ గారు హోల్‌సేలర్ దగ్గర కొన్నట్టు బిల్లు ఉంది, సీసా సీలు చెదరలేదు. అనురాధ ఆయన్ను వదిలి, పైకి వెళ్ళింది. హోల్‌సేలర్ దాకా. అక్కణ్ణుంచి కంపెనీ దాకా.

కంపెనీలో ఎవరిని పట్టుకోవాలి? మిత్రులారా, ఆమె పదేళ్ళు ఈ ఒక్క ప్రశ్నతోనే బతికింది. కంపెనీకి చేతులు ఉండవు, బేడీలు వేయడానికి. రోజువారీ తయారీ నా పని కాదన్నారు మేనేజింగ్ డైరెక్టర్. కెమిస్టు చూసుకోవాలన్నారు. కెమిస్టు విజయేందర్, జీతం మనిషి, అప్పటికే ఉద్యోగం మానేశారు. అనురాధ వెతికి పట్టుకుంది. ఆయన కోర్టులో ఒకటే చెప్పారు: “మందు తగ్గించమన్నది మా డైరెక్టర్ సారే. నోటితో చెప్పిన్రు, కాయితం మీద పెట్టలే.”

ఈలోగా కంపెనీ శాంపిల్‌ను కలకత్తాలోని కేంద్ర ల్యాబుకు పంపించమంది. అక్కడా అదే తేలింది. కేసు కొట్టేయమని కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. స్టే వచ్చింది. స్టే ఏళ్ళ తరబడి ఉంది. స్టే తొలగింది. లాయర్లు మారారు. అనురాధ మాత్రం మారలేదు. ప్రతి వాయిదాకూ అదే సంచి, అదే నీళ్ళ సీసా.

అయినా అక్షిత చావు ఆ కేసులో లేదు. చట్టంలో మూడు గదులున్నాయి. నకిలీ, కల్తీ, నాణ్యత లేనిది. నకిలీ మందో కల్తీ మందో ప్రాణం తీస్తే పదేళ్ళకు తక్కువ పడదు. కానీ కంపెనీకి లైసెన్సు ఉంది, పేరు దాని సొంతం, కాబట్టి నకిలీ కాదు. అందులో ఇంకేదీ కలపలేదు, కాబట్టి కల్తీ కాదు. మందు తక్కువైంది, అంతే. ఇక పాప ఎలా పోయింది? నిమోనియాతో. ఆసుపత్రి కాగితం అదే చెప్పింది. కత్తితో పొడిస్తే గాయం కనిపిస్తుంది. ఇవ్వని మందు ఎక్కడ కనిపిస్తుంది?

తీర్పు రోజున నేను కూడా కోర్టుకు వెళ్ళాను. వరండాలో ఒక కానిస్టేబుల్ ఒక మనిషిని చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. పేరు బీరయ్య. అబిడ్స్ బస్టాపులో ఫోను లాక్కున్నాడు. ఫోను ఆ సాయంత్రమే దొరికింది. జామీను నిలబడేవాళ్ళు లేక కేసు తేలకముందే ఎనిమిది నెలలు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. ఆ రోజు ఏడాది శిక్ష వేశారు.

మా కోర్టు హాల్లో డైరెక్టర్ గారికి కుర్చీ వేశారు. నేరం రుజువైంది. నిజమే, రుజువైంది. అప్పుడు శిక్ష గురించి ఆయన లాయరు వాదన. వయసు పైబడింది, బీపీ ఉంది, మొదటి నేరం, వందల మంది కార్మికులు ఆయన మీద ఆధారపడ్డారు, ఇన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరగడమే శిక్ష. ఫోను దొంగకు చట్టం మూడేళ్ళ దాకా జైలు రాసింది. నాణ్యత లేని మందుకు రెండేళ్ళ దాకా. కనీసం ఏడాది, ప్రత్యేక కారణాలుంటే అదీ తగ్గించవచ్చు. ప్రత్యేక కారణాలు దొరికాయి. జడ్జి గారిని నేను తప్పుపట్టను. చట్టం ఇచ్చిన వీలునే వాడుకున్నారు.

శిక్ష: జరిమానా, కోర్టు లేచే వరకు ఖైదు.

అంటే ఆ సాయంత్రం కోర్టు ముగిసే వరకు ఆ హాల్లోనే కూర్చోవాలి. కూర్చున్నారు. ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. కోర్టు లేచింది. ఆయనా లేచారు. ఇంటికి వెళ్ళారు.

మెట్ల మీద వరలక్ష్మి గారు అనురాధ చెయ్యి పట్టుకుని, “గంతేనా మేడం? గాయన ఇంటికి పోయిండు. నా బిడ్డ రాలే” అన్నారు. అనురాధ ఆమెను ఆటోలో తనే అఫ్జల్‌గంజ్ దాకా దింపి వచ్చింది.

ఇంటికొచ్చాక నాతో ఇలా అంది. “గమనించారా? బీరయ్య దొంగతనం చేశాడు. డైరెక్టర్ గారు నాణ్యతలో పొరపాటు చేశారు. డు, రు. మన క్రియలోనే తీర్పు అయిపోయింది. బీరయ్యను వదిలేయమనడం లేదు. ఇద్దరికీ గారు పెట్టండి, లేదా ఇద్దరికీ తీసేయండి.” ఆ రోజు నుంచి ఆమె బీరయ్య గారు అనేది. హాస్యానికి కాదు.

శిక్ష చాలదని పైకోర్టుకు వెళ్ళాలని మర్నాడే రాసి పంపింది. దానికి ప్రభుత్వం అనుమతించాలి. ఫిర్యాదుదారు ఆమె. ఇప్పుడు ఆమె లేదు. గడువు మాత్రం ఇంకా ఉంది. ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో నాకు తెలియదు. ఈ హాల్లో కూర్చున్న ఆమె సహోద్యోగుల్లో ఎవరికో తెలుసు. ఆమెకు దండ వేయకపోయినా పర్వాలేదు. ఆ ఫైలు కదిలించండి. నేనిక్కడికి వచ్చింది ఇది అడగడానికే.

ఇక నా దగ్గర మాటల్లేవు.

ఆ రోజు కోర్టు లేచింది, ఒకరి శిక్ష ముగిసింది. అక్షిత లేవలేదు. అనురాధ లేవలేదు. లేవగలిగినవాళ్ళం ఇప్పుడు మనమే.

దయచేసి లేచి నిలబడండి. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. ఆ తర్వాత వెంటనే ఇళ్ళకు వెళ్ళిపోకండి. వరలక్ష్మి గారితో ఒక మాట మాట్లాడి వెళ్ళండి.